స్మిత్ చార్టుతో యాంటెన్నాను కేబుల్‌కు మ్యాచ్ చేయడం: ఒక్క స్టబ్, రెండు కొలతలు

బెంగళూరులో ఆర్‌ఎఫ్ పనుల్లో ఉన్న మన తెలుగువాళ్లలో చాలామందికి స్మిత్ చార్టు కాలేజీ నాటి పరిచయమే. పరీక్షలో వృత్తాలు గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. అదే మేడ మీద యాంటెన్నా, చేతిలో కేబుల్ ముక్క పెట్టి "ఎక్కడ కోద్దాం?" అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. లెక్క రాక కాదు. చార్టు మీద పెట్టిన చుక్క కేబుల్ మీద ఏ చోటుకు చెందుతుందో స్పష్టంగా తెలియకపోవడమే అసలు చిక్కు.

చార్టు మీద ప్రతి చుక్కకూ కేబుల్ మీద ఒక చోటు ఉంటుంది. చుక్కను జరిపారంటే కేబుల్ వెంట మీరు జరిగారన్నమాట, లేదా ఆ చోటే ఏదో కొత్తగా కలిపారన్నమాట. కింది పనంతా ఈ ఒక్క మాట పట్టుకుని చేద్దాం.

పని ఇది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేయాల్సిన ఒక యాంటెన్నా ఉంది. మన దేశంలో హామ్ లైసెన్సు ఉన్నవాళ్లు వాడే 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండు మధ్య ఫ్రీక్వెన్సీ అది. యాంటెన్నా ఇంపెడెన్స్ `30 − j40` ఓములు. కేబుల్ 50 ఓముల ఆర్‌జీ-58. యాంటెన్నాకు దగ్గర్లో ఒక చిన్న కేబుల్ ముక్కను పక్కవాటుగా, అంటే ప్యారలల్‌గా అతికించి, రేడియోకు 50 ఓములు కనబడేలా చేయాలి. ఆ ముక్కనే స్టబ్ అంటాం. కనుక్కోవాల్సినవి రెండే: యాంటెన్నా నుంచి ఎంత దూరంలో అతికించాలి, స్టబ్ ఎంత పొడవుండాలి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మైనస్ నలభై ఓములంటే యాంటెన్నా కాస్త పొట్టిగా ఉందని అర్థం. రాడ్డు పొడవు పెంచే వీలుంటే ముందు ఆ పని చేయండి. రియాక్టెన్స్ పోయి ముప్ఫై చిల్లర ఓములు మిగిలితే, చాలా రేడియోలకు ఆ మాత్రం తేడాతో ఇబ్బంది ఉండదు. పొడవు మార్చే వీలులేని రెడీమేడ్ యాంటెన్నాకు, అపార్ట్‌మెంట్ వాళ్లు ఇంతకన్నా ఎత్తు వద్దన్న చోటికే స్టబ్ పద్ధతి.

మొదటి అడుగు: యాంటెన్నా దగ్గరే కొలవండి

ఇంపెడెన్స్ కొలిచి చార్టు మీద చుక్కగా చూపించే నానో వీఎన్ఏ మీటరు ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉంటోంది. పనికి అది చాలు. కాకపోతే కాలిబ్రేషన్ ఎక్కడ చేశారన్నదే మొత్తం లెక్కకు పునాది. `OPEN`, `SHORT`, `LOAD` మూడూ యాంటెన్నా తగిలించబోయే కేబుల్ కొసన పెట్టి చేయాలి. అప్పుడే తెరమీద కనిపించే చుక్క యాంటెన్నా మొదలు దగ్గరిది అవుతుంది.

చాలామంది మీటరు సాకెట్ దగ్గర కాలిబ్రేట్ చేసి, ఆ తర్వాత వంద సెంటీమీటర్ల కేబుల్ తగిలించి యాంటెన్నాను కొలుస్తారు. అప్పుడేమవుతుందో మన యాంటెన్నాతోనే చూడండి. ఆర్‌జీ-58 లో సంకేతం గాలిలోకన్నా నెమ్మదిగా, 0.66 వంతు వేగంతో వెళుతుంది. గాలిలో 145 మెగాహెర్ట్జ్‌కు వేవ్‌లెంగ్త్ 2.07 మీటర్లు, కేబుల్‌లో 1.365 మీటర్లు. చార్టు మీద ఒక పూర్తి చుట్టంటే అర వేవ్‌లెంగ్త్, అంటే ఈ కేబుల్‌లో 68 సెంటీమీటర్లు. కాబట్టి వంద సెంటీమీటర్ల కేబుల్ చుక్కను ఒకటిన్నర చుట్లకు కొంచెం తక్కువగా తిప్పేస్తుంది. కేబుల్ నష్టం కూడా కలుపుకుంటే తెరమీద సుమారు `27 + j33` కనిపిస్తుంది. కెపాసిటివ్‌గా ఉన్న యాంటెన్నా ఇండక్టివ్‌గా మారిపోయింది! మీటరు తప్పు చెప్పలేదు, వేరే చోటు సంగతి చెప్పింది. ఆ అంకె పట్టుకుని యాంటెన్నా పక్కన స్టబ్ కడితే అది కుదిరే అవకాశమే లేదు.

కాలిబ్రేషన్ కిట్ ఎస్‌ఎంఏ సైజు, యాంటెన్నాది ఎన్ సైజు అయితే మధ్యలో ఒక అడాప్టర్ వస్తుంది. మూడు సెంటీమీటర్ల అడాప్టర్ కూడా ఈ ఫ్రీక్వెన్సీలో చుక్కను సుమారు 15 డిగ్రీలు తిప్పుతుంది. దీనికి విరుగుడు తేలికే. కాలిబ్రేషన్ అయ్యాక అడాప్టర్ తగిలించి, దాని కొసను షార్ట్ చేయండి. చుక్క చార్టు ఎడమ కొసన ఉండాల్సింది పోయి కొంచెం పైకి జరిగి ఉంటుంది. మెనూలో `ELECTRICAL DELAY` పెంచుతూ చుక్కను మళ్లీ ఎడమ కొసకు తీసుకురండి. ఇప్పుడు మీ కొలత చోటు అడాప్టర్ కొసకు మారింది.

కొలిచేటప్పుడు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. కేబుల్‌ను చేత్తో పట్టుకుని, వదిలి చూడండి. చుక్క కదిలిందంటే కేబుల్ బయటి తొడుగు మీద కూడా కరెంటు పారుతోంది, అంటే కేబుల్ కూడా యాంటెన్నాలో భాగమైపోయింది. యాంటెన్నా మొదలు దగ్గర కేబుల్ మీద ఫెర్రైట్ పూసలు ఎక్కించి, చుక్క నిలకడగా నిలిచాకే అంకె రాసుకోండి. నిలకడ లేని కొలతకు స్టబ్ కడితే, కేబుల్ గోడవారగా సర్దిన మరుక్షణం మ్యాచింగ్ చెదిరిపోతుంది.

రెండో అడుగు: కేబుల్ వేగం మీరే తేల్చుకోండి

ఎస్పీ రోడ్డులో ఆర్‌జీ-58 అని అడిగితే చుట్ట కోసి ఇస్తారు. లోపలి తెల్లటి ఇన్సులేషన్ గట్టి పాలిథిలీనా, ఫోమా అన్నది పైన ప్రింట్ చూసి చెప్పలేం. గట్టిదైతే వెలాసిటీ ఫ్యాక్టర్ 0.66, ఫోమ్ అయితే 0.8 కి అటూ ఇటూ. ఈ తేడాతో స్టబ్ పొడవే మూడు సెంటీమీటర్లు మారిపోతుంది.

సరిగ్గా ఒక మీటరు ముక్క కోయండి. ఒక కొస మీటరుకు తగిలించి, రెండో కొస ఓపెన్‌గా వదలండి. ఈసారి కాలిబ్రేషన్ చోటు ఈ ముక్క మొదలు. ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోతే చుక్క కుడి కొస నుంచి బయల్దేరి కింది అంచు వెంట నడిచి ఎడమ కొసకు చేరుతుంది. ఎడమ కొసకు చేరిన చోట ఆ ముక్క సరిగ్గా పావు వేవ్‌లెంగ్త్ అయిందన్నమాట. అది 49.5 మెగాహెర్ట్జ్ దగ్గర జరిగితే ఫ్యాక్టర్ 0.66. 60 దగ్గర జరిగితే 0.80. కనెక్టర్ పొడవును కూడా ఆ ఒక మీటరు పొడవులోనే కలిపి కొలుచుకోండి.

మన ముక్క 49.5 చూపించిందనుకుందాం. అయితే కేబుల్‌లో ఒక వేవ్‌లెంగ్త్ 136.5 సెంటీమీటర్లు. ఈ అంకెను చార్టు కాగితం మూలన రాసి పెట్టుకోండి, చివర్లో కావాలి.

మూడో అడుగు: చుక్క పెట్టడం

తెరమీద చార్టు ఉండగా కాగితం ఎందుకని అనిపించవచ్చు. ఒక్కసారైనా పెన్సిలు, కంపాస్ పట్టుకుని చేయమనే నా సలహా. చుక్కను మీ చేత్తో తిప్పితేనే ఎటు తిరిగిందో గుర్తుంటుంది. 1939 లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు ఫిలిప్ స్మిత్ ఈ చార్టు ప్రచురించింది కూడా కాగితం మీద ఇలా చేసుకోవడానికే.

యాంటెన్నా ఇంపెడెన్స్‌ను 50 తో భాగించండి.

```
z = (30 − j40) / 50 = 0.6 − j0.8
```

చార్టు మధ్య అడ్డగీత మీద కేంద్రానికి ఎడమవైపు 0.6 అని ఉన్న వృత్తాన్ని పట్టుకోండి. దాని వెంట కింది సగంలోకి దిగండి, ఎందుకంటే మైనస్ రియాక్టెన్స్ అంతా కింది సగంలోనే. కింది అంచు మీద 0.8 నుంచి లోపలికి వచ్చే చాపం ఈ వృత్తాన్ని కోసే చోట చుక్క పెట్టండి. మన అంకెలకు ఆ చుక్క కేంద్రానికి సరిగ్గా నిట్టనిలువుగా కింద, అంచుకు సగం దూరంలో పడుతుంది.

ఇప్పుడు కంపాస్ ముల్లు కేంద్రంలో గుచ్చి, ఆ చుక్క గుండా పూర్తి వృత్తం గీయండి. అది కుడివైపు అడ్డగీతను 3.0 దగ్గర కోస్తుంది. అదే మీ ఎస్‌డబ్ల్యూఆర్. రిఫ్లెక్షన్ కోఎఫిషెంట్ 0.5, కాబట్టి పంపిన పవర్‌లో పావు వంతు వెనక్కి వస్తోంది. కేబుల్‌లో నష్టం లేదనుకుంటే, కేబుల్ వెంట ఎంత దూరం వెళ్లినా చుక్క ఈ వృత్తం దాటదు. ముందుకు వెనక్కు జరిగినంత మాత్రాన మ్యాచింగ్ రాదని ఈ వృత్తమే చెబుతోంది. జరగడం వల్ల కలిగే లాభం ఒక్కటే, స్టబ్ పెట్టడానికి అనువైన చోటు దొరుకుతుంది.

నాలుగో అడుగు: అడ్మిటెన్స్‌లోకి దాటడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. స్టబ్‌ను ప్యారలల్‌గా కలుపుతున్నాం. ప్యారలల్‌లో ఇంపెడెన్స్‌లు కూడవు, అడ్మిటెన్స్‌లు కూడతాయి. కోయాక్స్‌లో సిరీస్ స్టబ్ పెట్టాలంటే బయటి తొడుగును మధ్యలో తెంపాలి, అది అయ్యే పని కాదు. అందుకని ముందు చుక్కను అడ్మిటెన్స్‌గా మార్చుకోవాలి.

మార్చడానికి లెక్కేమీ అక్కర్లేదు. చుక్క నుంచి కేంద్రం గుండా స్కేలు పెట్టి గీత గీసి, అదే వృత్తానికి అవతలి వైపు కొత్త చుక్క పెట్టండి. మనది నిట్టనిలువుగా పైకి వెళుతుంది. అక్కడ చదివితే `0.6 + j0.8`. అంకెలు అవే ఉండి గుర్తు మాత్రం మారడం ఈ యాంటెన్నాకు తగిలిన చిత్రం, అన్ని లోడ్‌లకూ ఇలా రాదు.

ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది: ఈ దాటడం కేబుల్ వెంట జరగడం కాదు. మీరింకా యాంటెన్నా మొదలు దగ్గరే ఉన్నారు, చార్టును చదివే తీరు మాత్రమే మారింది. ఇకనుంచి అదే కాగితం అడ్మిటెన్స్ చార్టు. ఎడమ కొస ఓపెన్, కుడి కొస షార్ట్. పై సగం కెపాసిటివ్, కింది సగం ఇండక్టివ్. పాత ఇంపెడెన్స్ చుక్కను పెన్సిలుతో కొట్టేయండి, లేకపోతే పది నిమిషాల తర్వాత కన్ను దాని మీదికే పోతుంది.

ఈ అడుగు మరిచి ఇంపెడెన్స్ చుక్క నుంచే లెక్క మొదలుపెడితే, స్టబ్‌ను 39.8 సెంటీమీటర్ల దగ్గర పెట్టమని చార్టు చెబుతుంది. అలాగే కడితే ఎస్‌డబ్ల్యూఆర్ 3 నుంచి 9 కి ఎగబాకుతుంది. స్టబ్ కట్టాక పరిస్థితి ఇంత ఘోరంగా మారితే ముందుగా అనుమానించాల్సింది ఈ అడుగునే.

ఐదో అడుగు: రేడియో వైపు తిరగడం

చార్టు బయటి అంచున రెండు స్కేళ్లుంటాయి. ఒకటి జనరేటర్ వైపు, రెండోది లోడ్ వైపు. మనం యాంటెన్నా దగ్గర నుంచి రేడియో వైపు నడుస్తున్నాం కాబట్టి జనరేటర్ వైపు స్కేలే కావాలి. అది ఎడమ కొసన సున్నాతో మొదలై గడియారం ముల్లు తిరిగే వైపు పెరుగుతుంది.

కేంద్రం నుంచి మన అడ్మిటెన్స్ చుక్క గుండా అంచు దాకా గీత లాగితే స్కేలు మీద 0.125 కనిపిస్తుంది. ఇక్కడి నుంచి ఎస్‌డబ్ల్యూఆర్ వృత్తం వెంట గడియారం ముల్లు వైపు జరుగుతూ వెళ్లండి. మన గమ్యం 1.0 కండక్టెన్స్ వృత్తం, అంటే చార్టు కేంద్రాన్నీ కుడి కొసనూ తాకే వృత్తం. కొద్ది దూరంలోనే అది తగులుతుంది. అక్కడ చదివితే `1 + j1.15`. మళ్లీ అంచు దాకా గీత లాగండి, స్కేలు 0.167 చూపిస్తుంది.

రెంటికీ తేడా 0.042 వేవ్‌లెంగ్త్. కేబుల్ లెక్కలో 5.7 సెంటీమీటర్లు. స్టబ్ అతికించాల్సిన చోటు అది. ఆ చోట కండక్టెన్స్ అప్పుడే 50 ఓములకు సరిపోయింది. అదనంగా ఉన్న `+j1.15` ఒక్కటి తీసేస్తే చాలు.

అలాగే జరుగుతూ వెళితే వృత్తాలు రెండోసారి 0.333 దగ్గర కలుస్తాయి, అక్కడ `1 − j1.15`. అది యాంటెన్నా నుంచి 28.4 సెంటీమీటర్ల దూరం. రెండు చోట్లూ పనికొచ్చేవే. నేనైతే దగ్గరదాన్నే ఎంచుకుంటాను. యాంటెన్నాకూ స్టబ్‌కూ మధ్య కేబుల్ తగ్గేకొద్దీ ఫ్రీక్వెన్సీ కొంచెం అటూ ఇటూ అయినా మ్యాచింగ్ నిలుస్తుంది. మరీ దగ్గరై, కనెక్టర్ అడ్డొచ్చి అతికించే చోటే లేకపోతే అప్పుడు రెండోదానికి వెళ్లండి.

తిరిగే దిక్కు తప్పితే ఏమవుతుంది? వ్యతిరేక దిశలో తిరిగితే ముందుగా తగిలేది రెండో చుక్కే, దూరం 39.8 సెంటీమీటర్లని వస్తుంది. దానికి తగ్గట్టు స్టబ్ కడితే ఎస్‌డబ్ల్యూఆర్ 3 నుంచి 3.5 కు పెరుగుతుంది. "అన్నా, స్టబ్ పెట్టినా పెట్టకపోయినా ఒకేలా ఉంది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఏ స్కేలు చదివారనే.

ఆరో అడుగు: స్టబ్ పొడవు

తీసేయాల్సింది `+j1.15`. కాబట్టి స్టబ్ `−j1.15` ఇవ్వాలి. కొస షార్ట్ చేసిన స్టబ్ తీసుకుందాం. అడ్మిటెన్స్ చార్టులో షార్ట్ అంటే కుడి కొస, స్కేలు మీద 0.25. అక్కడి నుంచి మళ్లీ గడియారం ముల్లు వైపే, ఈసారి బయటి అంచు వెంటే నడవండి, ఎందుకంటే స్టబ్‌లో రెసిస్టెన్స్ లేదు. కింది సగంలోకి దిగుతారు. అంచు మీద 1.15 దగ్గర ఆగితే స్కేలు 0.364. తేడా 0.114 వేవ్‌లెంగ్త్, అంటే 15.5 సెంటీమీటర్లు.

ఈ నడక స్టబ్ షార్ట్ కొస నుంచి అతుకు దాకా చేసిన ప్రయాణం. కాబట్టి 15.5 అన్నది అతుకు నుంచి షార్ట్ చేసిన బిందువు దాకా ఉండే పొడవు, కోసిన ముక్క పొడవు కాదు.

రెండో చోటు ఎంచుకుని ఉంటే కావాల్సింది `+j1.15`. దానికి ఓపెన్ స్టబ్ 18.6 సెంటీమీటర్లు చాలు. ఓపెన్ స్టబ్‌ను కత్తెరతో కొద్దికొద్దిగా కోసుకుంటూ సరిచేయడం తేలిక. షార్ట్ స్టబ్‌కు వేరే మేలుంది. నడిమి తీగ డీసీకి నేరుగా తొడుగుకు కలిసి ఉంటుంది కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరు మీద ఉరిమే మబ్బుల వల్ల రాడ్డు మీద పేరుకునే స్టాటిక్ ఛార్జి రేడియో దాకా రాకుండా దిగిపోతుంది. పిడుగు నుంచి ఇది కాపాడదు, ఆ ఏర్పాటు విడిగా ఉండాల్సిందే.

కాగితం మీద చదివిన అంకెల్లో 0.002 వేవ్‌లెంగ్త్ దాకా తేడా రావచ్చు. అంటే కేబుల్ మీద మూడు మిల్లీమీటర్ల లోపు. కత్తితో కోసేటప్పుడు వచ్చే తేడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. లెక్క సరిచూసుకోవాలంటే ఈ ఏడు లైన్లు చాలు:

```python
import math
lam = 299.79 / 145 * 0.66
def line(z, d):
    t = math.tan(2 * math.pi * d / lam)
    return 50 * (z + 50j * t) / (50 + 1j * z * t)
y = 1 / line(30 - 40j, 0.057) + 1 / line(0, 0.155)
print(1 / y)
```

యాభైకి అర ఓము లోపు తేడాతో జవాబు రావాలి.

ఏడో అడుగు: కోయడం, అతికించడం

యాంటెన్నా వైపు కేబుల్‌ను, కొలత చోటు నుంచి లెక్కపెట్టి 5.7 సెంటీమీటర్ల దగ్గర కోయండి. కనెక్టర్ లోపలి పొడవు కూడా ఇందులోదే. రేడియో వైపు కేబుల్, స్టబ్, ఈ చిన్న ముక్క, మూడింటి నడిమి తీగలను ఒకచోట, మూడు తొడుగులను ఒకచోట కలిపి సోల్డర్ చేయండి. తొడుగు జడలను పొడవుగా లాగి మెలిపెట్టకండి. అర సెంటీమీటరు దాటితే అవే చిన్న ఇండక్టర్లయి లెక్కలోకి దూరతాయి.

సోల్డరింగ్ వద్దనుకుని టీ కనెక్టర్ వాడేవాళ్లున్నారు. వాడొచ్చు, కానీ దాని చేతుల పొడవు కొలిచి 5.7 లోంచి తీసేయాలి. తీయకుండా రెండు సెంటీమీటర్లు ఎక్కువైతే, స్టబ్‌ను ఎంత సరిచేసినా 40 ఓముల దగ్గరే ఆగిపోతారు, ఎస్‌డబ్ల్యూఆర్ 1.25 కన్నా దిగదు.

స్టబ్‌ను మొదట పద్దెనిమిది సెంటీమీటర్లు ఉంచండి. షార్ట్ ఎక్కడ పడాలో తేల్చడానికి గుండుసూది చాలు. కేబుల్‌కు అడ్డంగా గుచ్చితే అది తొడుగునూ నడిమి తీగనూ ఒకేసారి తాకి, ఆ చోట షార్ట్ అవుతుంది. అతుకు నుంచి 15.5 దగ్గర మొదలుపెట్టి, అర సెంటీమీటరు అటూ ఇటూ గుచ్చి చూడండి. మీటరును ఈసారి అతుకుకు రేడియో వైపు, అతుకుకు వీలైనంత దగ్గర కాలిబ్రేట్ చేసి తగిలించాలి. సరైన చోటు దొరికాక అక్కడ కోసి, నడిమి తీగను తొడుగుకు సోల్డర్ చేయండి.

ఎనిమిదో అడుగు: చుక్క ఎటు కదిలిందో చదవడం

నిజమైన కేబుల్‌తో మొదటిసారే కేంద్రంలోకి రావడం అరుదు. ఎస్‌డబ్ల్యూఆర్ అంకె ఒక్కటే చూస్తే ఎంత తప్పిందో తెలుస్తుంది గానీ ఏ కొలత తప్పిందో తెలియదు. చార్టు చూస్తే రెండూ తెలుస్తాయి.

సూదిని స్టబ్ వెంట జరుపుతుంటే అతుకు దగ్గర ససెప్టెన్స్ మాత్రమే మారుతుంది, కండక్టెన్స్ మారదు. అందుకని చుక్క ఒకే కండక్టెన్స్ వృత్తం వెంట పైకీ కిందికీ జారుతుంది. ఆ వృత్తం కేంద్రం గుండా పోతే, దూరం సరిగ్గా కుదిరింది, స్టబ్ ఒక్కటీ సరిచేస్తే చాలు. కేంద్రం పక్క నుంచి పోతుంటే స్టబ్‌తో ఎంతసేపు కుస్తీ పట్టినా లాభం లేదు, మార్చాల్సింది 5.7 సెంటీమీటర్ల ముక్క.

ఎటు మార్చాలి? సూదిని జరిపి చుక్కను అడ్డగీత మీదికి తెచ్చి, మిగిలిన రెసిస్టెన్స్ చదవండి. 50 కన్నా ఎక్కువుంటే ముక్క పొట్టిగా ఉంది. తక్కువుంటే పొడవుగా ఉంది. మన యాంటెన్నాకు ఒక సెంటీమీటరు తేడా సుమారు 5 ఓములు మారుస్తుంది. కాబట్టి 45 ఓముల దగ్గర ఆగితే ఒక సెంటీమీటరు కోయాలి, 55 దగ్గర ఆగితే ఒక సెంటీమీటరు కలపాలి. కలపడంకన్నా కోయడమే తేలిక, అందుకే మొదటిసారి ఆ ముక్కను కూడా కాస్త పొడవుగానే ఉంచుకోవడం మంచిది.

45 నుంచి 55 ఓముల మధ్య అడ్డగీత మీదికి వస్తే నేను అక్కడ ఆపేస్తాను. ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 కు చేరిపోయాక, ఇంకా సాగదీస్తే మళ్లీమళ్లీ కాగిన సోల్డర్ వేడికి ఇన్సులేషన్ కరిగి కొత్త తలనొప్పి మొదలవుతుంది.

ఇదంతా మేడ మీదే చేయాలా, రేడియో పక్కన కూర్చుని చేయకూడదా అని మన కుర్రాళ్లు అడుగుతుంటారు. ఆర్‌జీ-58 లో ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర వంద మీటర్లకు సుమారు 20 డీబీ నష్టం ఉంటుంది. మేడ నుంచి మీ గది దాకా 20 మీటర్లు అనుకుంటే, వెళ్లే అల 4 డీబీ, తిరిగొచ్చే అల మరో 4 డీబీ పోగొట్టుకుంటుంది. పైన 3 ఉన్న ఎస్‌డబ్ల్యూఆర్ కింద 1.5 గా కనిపిస్తుంది. బాగుందనుకుని ఊరుకుంటే పవర్ కేబుల్‌లోనే వేడిగా పోతూ ఉంటుంది. కింద స్టబ్ కడితే రేడియోకు 50 ఓములు కనిపిస్తాయి గానీ ఆ 20 మీటర్ల కేబుల్‌లో అలలు అలాగే వెనక్కీ ముందుకూ తిరుగుతూనే ఉంటాయి.

ఇక బ్యాండు రెండు చివర్లూ చూడండి. 144, 146 దగ్గర మార్కర్లు పెట్టి ఎస్‌డబ్ల్యూఆర్ రాసుకోండి. ఒక చివర బాగుండి రెండో చివర బాగా పెరిగితే అందుకు కారణం ఎక్కువగా యాంటెన్నాయే, ఇంత పొట్టి స్టబ్ రెండు మెగాహెర్ట్జ్‌లో పెద్దగా మారదు. అలాంటప్పుడు స్టబ్‌ను మీరు ఎక్కువగా వాడే ఫ్రీక్వెన్సీకి సరిచేయండి. 435 మెగాహెర్ట్జ్ బ్యాండులో మాత్రం ఈ స్టబ్ పనికిరాదు. అక్కడ యాంటెన్నా ఇంపెడెన్స్ వేరు, ఈ రెండు ముక్కలూ వేవ్‌లెంగ్త్ లెక్కలో మూడింతలవుతాయి.

చివరిగా అతుకునూ స్టబ్ కొసనూ సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపుతో లాగి బిగించి చుట్టండి. సూది గుచ్చి చూసిన రంధ్రాలన్నీ కూడా మూయాలి, వాటిలోంచి నీరు దిగితే తొడుగు నల్లబడి నష్టం పెరుగుతుంది. చుట్టాక మరోసారి కొలిచి, చుక్క ఎక్కడ నిలిచిందో తెర ఫోటో తీసి ఉంచుకోండి. మొదటి వాన వెలిశాక మళ్లీ కొలిచి ఆ ఫోటోతో పోల్చండి. చుక్క కండక్టెన్స్ వృత్తం వెంట జారి ఉంటే స్టబ్‌లోకి తడి చేరింది. ఆ వృత్తం నుంచే తప్పుకుని ఉంటే యాంటెన్నా మొదలు దగ్గరో, 5.7 సెంటీమీటర్ల ముక్కలోనో వెతకండి.